కొటేషన్, ఆర్డర్ కన్ఫర్మేషన్, ఇన్‌వాయిస్: గ్రానైట్ కొనేటప్పుడు ఏ కాగితం ఎప్పుడు కావాలి?

చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీకి లెక్కలు రాస్తుంటాను. నెల్లూరు నుంచో కావలి నుంచో ఫోన్ చేసేవాళ్లలో సగంమంది మొదటి మాటే "బిల్లు పంపండి, చూసి చెప్తాం" అంటారు. వాళ్లకు అప్పుడు కావలసింది బిల్లు కాదు, రేటు తెలిసే కొటేషన్. రేటు నచ్చి అడ్వాన్స్ వేసేవాళ్లు ఆ కొటేషన్‌నే బిల్లు అనుకుని దాచుకుంటారు. సరుకు దిగాక అసలు బిల్లులో అంకె వేరుగా ఉంటే "ఇదేంది, ముందు ఇంకో లెక్క ఇచ్చారే" అని గొడవ. ఆ గొడవల్లో చాలావాటికి మూలం మోసం కాదు. మధ్యలో ఉండాల్సిన కాగితం, అంటే ఆర్డర్ కన్ఫర్మేషన్, అసలు ఎవరూ రాయకపోవడం.

ఈ మూడు కాగితాలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పైన ఫ్యాక్టరీ పేరు, కింద సరుకు, రేటు, మొత్తం, సంతకం. పోలికల్ని పక్కన పెట్టి ఏ కాగితాన్నైనా నాలుగు ప్రశ్నలు అడిగితే తేడా బయటపడుతుంది. దీనివల్ల ఎవరు కట్టుబడతారు? ఇందులోని అంకె ఇంకా మారొచ్చా? దీనితో జీఎస్టీ కట్టే బాధ్యత పుడుతుందా? దీన్ని చూపించి డబ్బు అడగొచ్చా?

| ప్రశ్న | కొటేషన్ | ఆర్డర్ కన్ఫర్మేషన్ | ట్యాక్స్ ఇన్‌వాయిస్ (బిల్లు) |
|---|---|---|---|
| ఎప్పుడు ఇస్తారు? | కొనేవాళ్లు రేటు అడిగినప్పుడు | ఇద్దరికీ మాట కుదిరాక | సరుకు గేటు దాటే ముందు |
| ఎవరు కట్టుబడతారు? | కొనేవాళ్లు ఒప్పుకునేదాకా ఎవరూ కాదు | ఇద్దరూ | ఇద్దరూ. బాకీకి రుజువు |
| అంకె మారుతుందా? | మారొచ్చు | రేటు మారదు, కొలత కొద్దిగా మారొచ్చు | మారదు; తప్పుంటే తగ్గించడానికి క్రెడిట్ నోట్, పెంచడానికి డెబిట్ నోట్ |
| జీఎస్టీ పుడుతుందా? | లేదు | లేదు | పుడుతుంది |
| డబ్బు అడగొచ్చా? | లేదు | అడ్వాన్స్ మాత్రం | మిగిలినదంతా |

కొటేషన్

కొటేషన్ అంటే "ఈ సరుకు, ఈ రేటుకు, ఈ షరతులమీద ఇస్తాను" అనే ప్రతిపాదన. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం అవతలివాళ్లు ఒప్పుకున్న కబురు పంపేదాకా దాన్ని వెనక్కి తీసుకునే హక్కు అమ్మేవాళ్లకు ఉంటుంది. "ఈ రేటు 15 రోజులు చెల్లుతుంది" అని రాసినా సరే, ఆ రేటు నిలిపి ఉంచడానికి మీరు విడిగా ఏమీ ఇవ్వకపోతే, పదో రోజున వాళ్లు రేటు మార్చామంటే చట్టపరంగా చేయగలిగింది తక్కువ. పేరున్న ఫ్యాక్టరీలు అలా చేయవు, అది వేరే సంగతి. 15 రోజులు దాటితే మాత్రం ఆ కొటేషన్ దానంతటదే చచ్చిపోయినట్టే. నెల తర్వాత దాన్ని పట్టుకొచ్చి అదే రేటు కావాలంటే అది బతిమాలడమే గాని హక్కు కాదు.

రెండు మూడు కొటేషన్లు పక్కపక్కన పెట్టుకుని చూసేటప్పుడు కింద మొత్తం చూసి నిర్ణయించుకోవద్దు. గ్రానైట్‌లో అడుగు రేటుకు అర్థం మారిపోయే చోట్లు ఉన్నాయి. మందం 16 మిల్లీమీటర్లా, 20 మిల్లీమీటర్లా? చిన్న కట్టర్ సైజు పలకా, గ్యాంగ్‌సా అనే పెద్ద రంపపు యంత్రం మీద కోసిన పెద్ద స్లాబా? స్లాబు అంచులు వంకరగా ఉంటాయి కాబట్టి కొలత అంచులు వదిలి తీస్తారా, కలిపి తీస్తారా? బాడుగ, లోడింగ్ కూలి అందులోనే ఉన్నాయా? అన్నిటికన్నా ముఖ్యం, జీఎస్టీ కలిపిన రేటా, అదనమా? పాలిష్ పట్టిన గ్రానైట్ పలకల మీద 18 శాతం పడుతుంది. అడుగుకు 90 అని ఒకరు, 100 అని ఇంకొకరు రాస్తే, మొదటిది ట్యాక్స్ కాకుండా, రెండోది ట్యాక్స్‌తో అయితే, నిజానికి రెండోదే చవక. మొదటిది 106 రూపాయల 20 పైసలు అవుతుంది.

ప్రొఫార్మా ఇన్‌వాయిస్ అని ఇంకో కాగితం తిరుగుతుంటుంది. పేరులో ఇన్‌వాయిస్ ఉన్నా అది కొటేషన్‌కి అన్నదమ్ముడే. బ్యాంకు లోన్‌కో, అడ్వాన్స్ పంపడానికో అడుగుతారు. దానిమీద ట్యాక్స్ వేసి చూపించినా, అది ట్యాక్స్ కట్టిన రుజువు కాదు.

ఆర్డర్ కన్ఫర్మేషన్

కొటేషన్ చూసి కొనేవాళ్లు "సరే" అన్నంత మాత్రాన పని అయిపోయినట్టేనా? మాటలో ఏ మెలికా లేకపోతే అయిపోయినట్టే. కానీ ఏ మెలికా లేని "సరే"ని నేను చాలా తక్కువ చూశాను. "సరేగాని బాడుగ మీరు పెట్టుకోండి", "సరే, రంగు మాత్రం మొన్న చూసినదే రావాలి" అంటారు. కాంట్రాక్టు చట్టంలో ఏడో సెక్షన్ ప్రకారం అంగీకారం షరతు లేకుండా, పూర్తిగా ఉండాలి. "సరేగాని" అన్నది అంగీకారం కాదు, కొత్త ప్రతిపాదన. ఇప్పుడు ఒప్పుకోవాల్సింది అమ్మేవాళ్లు. వాట్సాప్‌లో ఇలా నాలుగైదు సార్లు అటూ ఇటూ తిరిగాక చివరికి ఏది కుదిరిందో ఎవరికీ స్పష్టంగా గుర్తుండదు. దాన్ని ఒక్క పేజీలో పెట్టేదే కన్ఫర్మేషన్.

అందులో కొటేషన్ నంబరు, తేదీ ఉండాలి, "ఇంతకు ముందు చెప్పుకున్నవన్నీ పోయి ఇదే ఖరారు" అని ఒక వాక్యం ఉండాలి. కుదిరిన రేటు, పరిమాణం, ఇచ్చిన అడ్వాన్స్, సరుకు చేరే తేదీ రాయాలి. గ్రానైట్‌కి ప్రత్యేకంగా ఇంకో రెండు రాయించుకోమంటాను. మొదటిది, ఏ బ్లాకునుంచి కోసిన స్లాబులో ఆ నంబరు. బ్లాక్ గెలాక్సీలో నల్లటి రాతి మీద మెరిసే చుక్కలు బ్లాకు బ్లాకుకీ మారతాయి. సగం వంటగట్టు ఒక బ్లాకుది, సగం ఇంకోదానిది అయితే ఇంట్లోవాళ్లు జీవితాంతం దాన్నే చూస్తూ ఉండాలి. రెండోది, కొలతలో ఎంత తేడా వరకు ఒప్పుకుంటారో. స్లాబు ముక్క చేసి ఇవ్వరు, నిండు స్లాబులే లోడ్ చేస్తారు, కాబట్టి సరిగ్గా వెయ్యి అడుగులు అంటే వెయ్యి రావు. అటూ ఇటూ 3 శాతం అని రాసుకుంటే ఇద్దరికీ టెన్షన్ ఉండదు.

అడ్వాన్స్ విషయంలో ఒక అనుమానం తరచూ వస్తుంది. సరుకు అమ్మకంలో అడ్వాన్స్ తీసుకున్న రోజున జీఎస్టీ కట్టక్కర్లేదు. 2017 నవంబరు నుంచి ఆ వెసులుబాటు ఉంది. బిల్లు వేసినప్పుడే కడతారు. కాబట్టి అడ్వాన్స్‌కి ఇవ్వాల్సింది రసీదు వోచర్, బిల్లు కాదు. అడ్వాన్స్‌కే బిల్లు వేసేస్తే సరుకు కదలకుండానే అమ్మకం చూపించినట్టు అవుతుంది. అదే పలకలు అమ్మడమే కాకుండా ఇంట్లో పరిచి ఇచ్చేదాకా ఒకే ధరకు ఒప్పుకుంటే మాత్రం లెక్క మారుతుంది. అది వర్క్స్ కాంట్రాక్ట్, అంటే సర్వీసు కిందికి వస్తుంది, సర్వీసులకు అడ్వాన్స్ మీద కూడా ట్యాక్స్ పడుతుంది. ఏ పద్ధతో కన్ఫర్మేషన్‌లోనే తేలిపోవాలి.

ఇన్‌వాయిస్

ఇక్కడికి వచ్చేసరికి బేరం అయిపోయింది. సరుకు కదిలే అమ్మకంలో లారీ బయలుదేరే ముందే, లేదా బయలుదేరేటప్పుడే ట్యాక్స్ ఇన్‌వాయిస్ వేయాలని జీఎస్టీ చట్టం చెప్తుంది. మూడు ప్రతులు: అసలుది కొన్నవాళ్లకు, రెండోది లారీకి, మూడోది ఫ్యాక్టరీకి. సరుకు విలువ ట్యాక్స్‌తో కలిపి 50,000 దాటితే సరుకు రవాణాకు అనుమతిగా ఉండే ఈ-వే బిల్లు కూడా తీయాలి. ఒక రోజుకు 200 కిలోమీటర్ల చొప్పున దానికి గడువు ఉంటుంది. చీమకుర్తి నుంచి నెల్లూరు ఆ లోపే కాబట్టి ఒక్క రోజే వస్తుంది. 

నిజమైన బిల్లో కాదో తెలుసుకోవడానికి నేను ముందు చూసేవి: "ట్యాక్స్ ఇన్‌వాయిస్" అన్న మాట, అమ్మేవాళ్ల జీఎస్టీ నంబరు, వరుస నంబరు, తేదీ, సరుకు రకాన్ని చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, ట్యాక్స్‌కి ముందు విలువ, ఆంధ్రలోనే అమ్మితే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ విడివిడిగా. చెన్నై వాళ్లకు పంపితే ఆ రెండింటి చోట ఐజీఎస్టీ ఒక్కటే ఉంటుంది. బిల్లు నంబర్లు ఏడాది పొడవునా తెగకుండా వరుసగా రావాలి, 16 అక్షరాలు దాటకూడదు. మా వీధిలో కొందరు కొటేషన్‌కి కూడా బిల్లు పుస్తకంలోనే నంబరు ఇస్తారు. పది కొటేషన్లలో ఆరు ఆర్డర్లు కావు, బిల్లు వరుసలో ఆరు చిల్లులు మిగులుతాయి. తర్వాత ఆడిట్‌లో "ఆ ఆరు బిల్లులు ఏవి" అని అడిగితే జవాబు ఉండదు. కొటేషన్‌కి, కన్ఫర్మేషన్‌కి వేరే వరుసలు పెట్టుకోవాలి. బిల్లు మీద మాత్రం "ఆర్డర్ నంబర్ ఫలానా" అని పాతదాన్ని ప్రస్తావించాలి. ట్యాలీ వాడేవాళ్లు సేల్స్ ఆర్డర్ ఎక్కించి, బిల్లు వేసేటప్పుడు ఆ ఆర్డర్ నంబరు ఎంచుకుంటే సరుకు, రేటు వాటంతటవే వచ్చేస్తాయి. ఆర్డర్ ఎక్కించిన దశలో ఖాతాల్లో ఏమీ మారదు, సేల్స్ వోచర్‌తోనే మారుతుంది.

ఒప్పుకున్న కొటేషన్ బిల్లుగా ఎలా మారుతుంది

నెల్లూరులో ఇల్లు కట్టుకుంటున్న ఒక మాస్టారు అనుకోండి. ఇక్కడి రేట్లు లెక్క సులువుగా ఉండాలని వేసినవి, మార్కెట్ రేట్లు కావు.

మా కొటేషన్: నేలకు స్టీల్ గ్రే 1,000 అడుగులు, అడుగు 90, వంటగట్టుకు, మెట్లకు బ్లాక్ గెలాక్సీ 150 అడుగులు, అడుగు 180. పలకలు 1,17,000, బాడుగ, లోడింగ్ 8,000. మొత్తం 1,25,000, ట్యాక్స్ 22,500 కలిపి 1,47,500.

మాస్టారు ఫోన్ చేసి, "రేటు సరేగాని, బాడుగ మీరు పెట్టుకోండయ్యా. గెలాక్సీ 150 చాలదంట మేస్త్రీ, 200 రాసుకోండి" అన్నారు. ఇది అంగీకారం కాదని పైన అనుకున్నాం కదా. మేం లెక్క చూసుకుని, బాడుగలో సగం మేం భరిస్తాం, 200 అడుగులు తీసుకుంటున్నారు కాబట్టి గెలాక్సీ 175కి ఇస్తాం అన్నాం. ఆయన సరేనన్నారు, ఈసారి మెలిక లేకుండా.

కన్ఫర్మేషన్: స్టీల్ గ్రే 90,000, గెలాక్సీ 35,000, బాడుగ 4,000. మొత్తం 1,29,000, ట్యాక్స్ 23,220, కలిపి 1,52,220. అడ్వాన్స్ 60,000, మిగిలింది లోడింగ్ ముందు. కొలత లోడ్ చేసినదాని మీద, తేడా 3 శాతం లోపు. అడ్వాన్స్ ముట్టగానే రసీదు వోచర్ ఇచ్చాం.

లోడింగ్ రోజున స్లాబులు కొలిస్తే స్టీల్ గ్రే 1,018 వచ్చింది, గెలాక్సీ 196. రెండూ 3 శాతం లోపలే. ఇక బిల్లు రాయడం అంటే రేట్లు కన్ఫర్మేషన్‌నుంచి, అడుగులు కొలత చీటీనుంచి తెచ్చి కలపడమే.

| వివరం | అడుగులు | రేటు | మొత్తం |
|---|---|---|---|
| స్టీల్ గ్రే | 1,018 | 90 | 91,620.00 |
| బ్లాక్ గెలాక్సీ | 196 | 175 | 34,300.00 |
| బాడుగ, లోడింగ్ | | | 4,000.00 |
| ట్యాక్స్‌కి ముందు విలువ | | | 1,29,920.00 |
| సీజీఎస్టీ 9 శాతం | | | 11,692.80 |
| ఎస్‌జీఎస్టీ 9 శాతం | | | 11,692.80 |
| రౌండాఫ్ | | | 0.40 |
| బిల్లు మొత్తం | | | 1,53,306.00 |
| ముట్టిన అడ్వాన్స్ | | | 60,000.00 |
| ఇవ్వాల్సింది | | | 93,306.00 |

కొటేషన్‌కి దీనికి 5,806 తేడా ఉంది. కన్ఫర్మేషన్‌తో పోలిస్తే 1,086 మాత్రమే, అదీ కొలతవల్ల వచ్చిందే. మాస్టారు ఏ కాగితం పక్కన పెట్టుకుని బిల్లు చూస్తారన్నదాని మీదే ఆయనకు కోపం రావడం, రాకపోవడం ఉంటుంది.

బిల్లు రాసేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఈ పట్టికలోనే ఉంది. అడ్వాన్స్‌ని ట్యాక్స్‌కి ముందే తీసేస్తారు. 1,29,920లో 60,000 తీసి, మిగిలిన 69,920 మీదే ట్యాక్స్ వేస్తే 12,585 రూపాయల 60 పైసలే వస్తుంది. 10,800 ట్యాక్స్ తక్కువ పడింది. అడ్వాన్స్ రోజున ట్యాక్స్ కట్టలేదు కాబట్టి ఆ 60,000 మీద కూడా ఇప్పుడే కట్టాలి. అడ్వాన్స్ ఎప్పుడూ బిల్లు మొత్తం కిందే కనిపించాలి. బాడుగ కూడా ఫ్యాక్టరీయే బిల్లులో వేస్తే సరుకుతో పాటే 18 శాతం పడుతుంది. మాస్టారే లారీ మాట్లాడుకుంటే ఆ 4,000 ఈ బిల్లులోకి రాదు.

లారీ దిగాక గెలాక్సీలో 12 అడుగుల ముక్క పగిలి కనిపించింది. దారిలో పగిలితే నష్టం ఫ్యాక్టరీదేనని కన్ఫర్మేషన్‌లో ఉంది. మాస్టారు "ఆ బిల్లు చించేసి కొత్తది ఇవ్వండి" అన్నారు. బిల్లు చించకూడదు, దాని నంబరు వరుసలో ఉండి తీరాలి. ఆ బిల్లు నంబరు ప్రస్తావిస్తూ క్రెడిట్ నోట్ ఇవ్వాలి: 12 అడుగులు 175 చొప్పున 2,100, ట్యాక్స్ 378, మొత్తం 2,478. ఆ డబ్బు ఆయన ఖాతాలో వేశాం.

మీరు ఎవరు, మీకు ఏది కావాలి

సొంతిల్లు కట్టుకునేవాళ్లకు నా సలహా ఒకటే, కొటేషన్ మీద డబ్బు వేయకండి. కన్ఫర్మేషన్ చేతికి వచ్చాకే అడ్వాన్స్. ఫ్యాక్టరీ వాళ్లు విడిగా రాసివ్వకపోతే, కుదిరినవన్నీ మీరే ఒక వాట్సాప్ మెసేజ్‌గా రాసి "ఇదే కదా ఖరారు?" అని అడగండి, "అవును" అన్న జవాబు కన్ఫర్మేషన్‌గా పనికొస్తుంది. బిల్లు లేకుండా కొంటే 18 శాతం మిగులుతుందని ఎవరైనా అంటే, పగిలిన ఆ 12 అడుగుల ముక్కకు క్రెడిట్ నోట్ ఎవరు ఇస్తారో అడగండి. మీకు జీఎస్టీ నంబరు లేకపోయినా 50,000, అంతకు పైన ఉన్న బిల్లు మీద మీ పేరు, చిరునామా ఉండాలి.

కాంట్రాక్టర్లకు కొటేషన్ కంటే బిల్లు బరువు ఎక్కువ. వేరేవాళ్లకు కట్టిస్తూ ట్యాక్స్ వసూలు చేసేవాళ్లకు ఈ 18 శాతం క్రెడిట్‌గా తిరిగొస్తుంది. అది రావాలంటే బిల్లు మీద మీ జీఎస్టీ నంబరు తప్పులేకుండా ఉండాలి, ఫ్యాక్టరీ దాన్ని తన రిటర్న్‌లో చూపించాలి. ప్రొఫార్మా మీద రాదు, డబ్బు కట్టిన రసీదు మీద రాదు. అందుకే మీరు ఫ్యాక్టరీల మధ్య ఎంచుకునేటప్పుడు రెండు రూపాయలు తక్కువ రేటుకన్నా రిటర్న్‌లు సమయానికి వేసే ఫ్యాక్టరీ నయం. తన వ్యాపారానికే షాపో హోటలో కట్టుకుంటున్నవాళ్లకు మాత్రం ఆ భవనంలో వాడిన పలకల మీద క్రెడిట్ రాదు, కాబట్టి రేటును ట్యాక్స్‌తో కలిపే పోల్చుకోవాలి.

అమ్మకాల మీద తక్కువ శాతం ట్యాక్స్ తామే కట్టే కాంపొజిషన్ స్కీములో ఉన్న చిన్న అమ్మకందారు దగ్గర కొంటే ట్యాక్స్ విడిగా ఉండదు. వాళ్లు ఇచ్చేది బిల్ ఆఫ్ సప్లై. దానిమీద జీఎస్టీ వేసి వసూలు చేస్తే తప్పు వాళ్లది, కట్టకండి.

అమ్మేవాళ్ల సంగతికొస్తే, ప్రతిదానికీ మూడు కాగితాలు రాయనక్కర్లేదు. యార్డుకి వచ్చి, నిలబెట్టిన స్లాబుల్లో రెండు చూసి, కొలిపించి, డబ్బిచ్చి ఆటోలో వేసుకుపోయేవాళ్లకు బిల్లు ఒక్కటి చాలు. కోత పడాల్సిన ఆర్డరైనా, అడ్వాన్స్ తీసుకున్నదైనా, వారం తర్వాత కదిలేదైనా కన్ఫర్మేషన్ తప్పదు. కోసిన పలక ఇంకొకరికి పనికిరాదు. ఆరు అడుగుల రెండంగుళాల వంటగట్టు ముక్కను కొన్నవాళ్లు వద్దంటే, ఆ కొలత అడిగింది వాళ్లేనని చూపించడానికి మీ దగ్గర ఆ ఒక్క కాగితమే ఉంటుంది.